తిరిగి వస్తామన్న మాటను తూచడం: విదేశీ విద్యా ఉపకార వేతనాల మౌఖిక పరీక్షపై ఒక సమీక్ష

విదేశాలలో పైచదువుకు పూర్తి ఖర్చు భరించే ఉపకార వేతనాల ఎంపికలో చివరి మెట్టు మౌఖిక పరీక్ష. మార్కులు, సిఫారసు లేఖలు, వ్యాసాలు అప్పటికే ఎంపిక మండలి చేతిలో ఉంటాయి గనుక, ఆ అరగంటలో అభ్యర్థి తెలివితేటలను మళ్ళీ కొలవడం మండలి ఉద్దేశం కాదు. ఈ చదువు ఎందుకు, ఈ డబ్బు లేకపోతే ఏమవుతుంది, చదువు ముగించుకుని వచ్చాక ఏం చేస్తారు అన్న మూడు ప్రశ్నలకూ కాగితం మీద వచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా లేదా అన్నది తేల్చుకోవడమే అక్కడ జరిగే పని. అభ్యర్థులకు సలహాలిచ్చే పుస్తకాలలో ఈ మూడింటినీ మూడు వేరువేరు అధ్యాయాలుగా చెప్పే అలవాటు ఉంది. ఉద్దేశానికి ఒక జవాబు, అవసరానికి మరొకటి, భవిష్యత్ ప్రణాళికకు ఇంకొకటి సిద్ధం చేసుకోవాలన్నట్టు అవి బోధిస్తాయి. ఎంపికలో తప్పిపోయే జవాబులలో చాలావాటికి ఆ విభజనే మూలమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

తిరిగి వచ్చి సేవ చేయాలన్న షరతు కొత్తది కాదు. 1913 జూన్‌లో బరోడా సంస్థానం భీంరావ్ అంబేడ్కర్‌ను కొలంబియా విశ్వవిద్యాలయానికి పంపినప్పుడు, మహారాజు సయాజీరావ్ గైక్వాడ్ మంజూరు చేసిన నెలకు పదకొండున్నర పౌండ్ల వేతనం మూడేళ్ళపాటు అందుతుందనీ, చదువు తరువాత ఆయన పదేళ్ళు సంస్థానంలో ఉద్యోగం చేయాలనీ ఒప్పందం రాయించుకున్నారు. అంబేడ్కర్ మాట తప్పలేదు. 1917లో బరోడా వచ్చి మహారాజుకు సైనిక కార్యదర్శిగా చేరారు. అయితే కార్యాలయంలో కిందిస్థాయి సిబ్బంది కాగితాలను ఆయన బల్ల మీదికి దూరం నుంచి విసిరేవారు, ఊరిలో ఆయనకు అద్దె ఇల్లు దొరకలేదు, కులం దాచుకుని బస చేసిన పార్సీ సత్రం నుంచి కర్రలు పట్టుకొచ్చిన గుంపు వెళ్ళగొట్టింది. పదేళ్ళ సేవ కొద్ది కాలానికే ముగిసిపోయింది. ఒప్పందంలో విద్యార్థి చేయవలసినదంతా రాసి ఉంది. అతడికి నిలువ నీడ చూపవలసిన బాధ్యత ఎవరిదో అందులో లేదు.

దీనికి మరో కొసన తెలుగువారికి బాగా తెలిసిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. భీమవరంలో పుట్టి మద్రాసులో వైద్యం చదివిన ఆయన, 1920ల తొలి ఏళ్ళలో మామగారి సాయంతోనూ కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ తోడ్పాటుతోనూ అమెరికా వెళ్ళి, 1948లో న్యూయార్కులో కన్నుమూసేదాకా తిరిగి రాలేదు. లెక్క ప్రకారం దాతలకు ఆయన బాకీయే. కాని ఆయన నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో వెలువడిన డైఇథైల్‌కార్బమజైన్ అనే మందే బోదకాలు నివారణకు కోస్తా జిల్లాల ఇళ్ళలో పంచే మాత్రగా చేరింది. ఈ రెండు జీవితాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే సంతకం ఎంతవరకు పనిచేస్తుందో తెలుస్తుంది: తిరిగి వచ్చినవారి సేవకు అది హామీ కాలేదు, తిరిగి రానివారి సేవను అడ్డుకోనూ లేదు.

ఇప్పటి పథకాలు ఈ చిక్కును తలా ఒక తీరుగా పరిష్కరించుకున్నాయి. భారత, అమెరికా ప్రభుత్వాల మధ్య 1950లో కుదిరిన ఒప్పందంతో మొదలై, 2008 నుంచి రెండు ప్రభుత్వాలూ సమానంగా నిధులిచ్చే ఏర్పాటుతో ఫుల్‌బ్రైట్-నెహ్రూ పేరును పొందిన పథకంలో షరతు వీసాలోనే ఉంటుంది. జె-1 అనే వీసాపై వెళ్ళినవారు స్వదేశంలో మొత్తం రెండేళ్ళు గడిపితే తప్ప అమెరికాలో ఉద్యోగ వీసాకు గాని స్థిర నివాసానికి గాని అర్హులు కారు. 1983లో బ్రిటన్ విదేశాంగ శాఖ మొదలుపెట్టిన చీవ్‌నింగ్ పథకం కూడా ఏడాది చదువు తరువాత కనీసం రెండేళ్ళు స్వదేశంలో ఉండాలంటుంది. 1959లో పుట్టిన కామన్వెల్త్ పథకం ఇంకొక అడుగు వేసి, అభ్యర్థి ప్రతిభతో పాటు అతని చదువు స్వదేశాభివృద్ధికి ఎలా పనికివస్తుందన్నదాన్నే ఒక కొలమానంగా పెట్టుకుంది. దాని షేర్డ్ శాఖలోనైతే ఈ సాయం లేకుండా బ్రిటన్‌లో చదివే స్తోమత లేనివారే అర్హులు. 1892లో జంషెడ్జీ టాటా నెలకొల్పిన నిధిది వేరే దారి: అది ఇచ్చేది అప్పు, అడిగేది తిరిగి చెల్లింపు.

తెలంగాణలో దళిత, గిరిజన విద్యార్థుల కోసం ఉన్న అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి వంటి రాష్ట్ర పథకాలు ఈ వరుసలోకి పూర్తిగా రావు. కుటుంబ ఆదాయ పరిమితి, మార్కులు, విదేశీ విశ్వవిద్యాలయంలో ప్రవేశం అన్నవే వాటిలో ప్రధాన ప్రమాణాలు. అవసరాన్ని అక్కడ తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం తేలుస్తుంది; ఉద్దేశాన్ని తరచి చూడటం వాటి లక్ష్యం కాదు. తరతరాలుగా అందని చదువును అందించడమే వాటి ప్రయోజనం గనుక ఇది లోపమేమీ కాదు. అయితే అలాంటి పథకానికి దరఖాస్తు చేసిన అలవాటుతో చీవ్‌నింగ్ వంటి మండలి ముందుకు వచ్చిన అభ్యర్థి, అవసరమంటే పేదరికాన్ని రుజువు చేయడమేనని అనుకునే ప్రమాదం ఉంది.

మూడు ప్రశ్నలూ ఒకదానిలో ఒకటి ఎలా అల్లుకుంటాయో చూడటానికి ఒక అభ్యర్థినిని ఊహించుకోవచ్చు. ఆమెది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి మండలం. నర్సింగ్ పట్టా తరువాత నాలుగేళ్ళపాటు మూత్రపిండ వ్యాధి సర్వేలలో క్షేత్ర పర్యవేక్షకురాలిగా పనిచేసింది. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్‌లో ఎపిడెమియాలజీ, అంటే ఒక జబ్బు జనంలో ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తోందో లెక్కగట్టే శాస్త్రం, చదవాలనుకుంటోంది. కొబ్బరి, జీడి తోటల ఆ ప్రాంతంలో మధుమేహం, రక్తపోటు వంటి మామూలు కారణాలు లేకుండానే మూత్రపిండాలు దెబ్బతినడం దశాబ్దాలుగా తెలిసినదే. కారణం ఇప్పటికీ తేలలేదు. నీరు, సిలికా, పురుగుమందులు, ఎండలో శ్రమ వల్ల ఒంట్లో నీరు తగ్గడం అన్నీ అనుమానితులే.

ఉద్దేశం గురించి అడిగినప్పుడు మా ఊరి జనం బాధ చూశాను అన్నది జవాబు కాదు. ఆ బాధ నిజమే అయినా దాని నుంచి లండన్‌కు దారి కనబడదు. తన పనిలో ఆమె ఎక్కడ ఆగిపోయిందో చెప్పగలిగితే ఆ దారి కనబడుతుంది. ఒకరికి దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఉందని వడపోతను బట్టి నిర్ధారించాలంటే, రక్తంలోని క్రియాటినిన్‌ను బట్టి అంచనా వేసే వడపోత సామర్థ్యం నిమిషానికి 60 మిల్లీలీటర్ల కంటే తక్కువగా కనీసం మూడు నెలలు ఉండాలి. సర్వేలేమో చాలావరకు ఒక్కసారి రక్తం తీసి ముగిస్తాయి. ఆ రోజు ఎండలో పని చేసి వచ్చినవాడి క్రియాటినిన్ తాత్కాలికంగా పెరిగి ఉండవచ్చు, అతడూ రోగుల లెక్కలోకి పోతాడు. దీనికి తోడు క్రియాటినిన్‌ను కొలిచే పద్ధతులు రెండున్నాయి. పాతదైన జాఫే పద్ధతి ఇచ్చే అంకె, ఎంజైము పద్ధతి ఇచ్చే అంకె ఒకటి కావు. ఒక ఏడాది సర్వే ఒక పద్ధతితో, మరో ఏడాది సర్వే ఇంకో పద్ధతితో జరిగితే జబ్బు పెరిగిందో తగ్గిందో చెప్పడం కుదరదు. తాను సేకరించిన అంకెలను పక్క జిల్లా అంకెలతోనైనా పోల్చలేకపోయానని, ఆ లోటు తీరే విద్య కావాలని ఆమె చెబితే ఉద్దేశం రుజువైనట్టే.

అప్పుడు మండలి తప్పక వేసే ప్రశ్న ఒకటుంది: ఇదే విద్య చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థలో ఉంది కదా, అక్కడెందుకు వద్దు? స్వదేశీ సంస్థను చిన్నబుచ్చే జవాబు ఇక్కడ అభ్యర్థికే చేటు చేస్తుంది, ఎందుకంటే మండలిలో అక్కడి పూర్వ విద్యార్థి ఉండవచ్చు, లేకపోయినా ఆ మాట నిజం కాదని సభ్యులకు తెలుసు. చెన్నై చదువు తన పనికి చాలావరకు సరిపోతుందని ఒప్పుకుని, ఆపైన మిగిలేదేమిటో చెప్పడం మేలు. వేరువేరు దేశాల జనాభాలో మూత్రపిండాల పనితీరును ఒకే పద్ధతిలో కొలిచి పోల్చేందుకు డిగ్రీ అనే పేరుతో ఒక ఉమ్మడి విధానం రూపొందింది. దాని వెనుక ఉన్న పరిశోధకులలో కొందరు లండన్ సంస్థవారే. నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల కూలీలలోనూ ఇలాంటి అంతుపట్టని మూత్రపిండ వ్యాధే ఉంది. అక్కడ పనివేళల్లో నీరు, నీడ, విరామం కల్పించి చూసిన ప్రయత్నాలు ఉద్దానానికి నేరుగా పనికివచ్చే పాఠాలు. ఆమె కోరుకుంటున్నది డిగ్రీ విధానం వెనుక ఉన్న ఆ లండన్ పరిశోధకుల దగ్గర శిక్షణ. ఈ మాట చెప్పగలిగిన అభ్యర్థి ఆ కోర్సులోని పాఠ్యాంశాలను చదువుకునే వచ్చిందని వేరుగా చెప్పనక్కరలేదు.

అవసరం దగ్గరే చాలామంది తడబడతారు. ఆదాయ ధ్రువపత్రం చూపి, తండ్రికి రెండెకరాల జీడితోట తప్ప ఏమీ లేదని చెప్పి ఆగిపోతారు. లేదా పేదరికం చెప్పుకోవడం నామోషీ అనుకుని ఆ ప్రశ్నను దాటవేస్తారు. ఇంతకంటే పనికివచ్చే జవాబు ఒక చిన్న లెక్కలో ఉంది. ఫీజు, లండన్ బస, ప్రయాణం కలిపి ఏడాదికి 50 లక్షల రూపాయలవుతుందని అనుకుంటే, బ్యాంకులు తాకట్టు లేకుండా సాధారణంగా ఇచ్చే విద్యారుణం ఏడున్నర లక్షలు, ఆమె దాచుకున్నది మహా అయితే రెండున్నర లక్షలు. మిగతా 40 లక్షలు ప్రైవేటు రుణ సంస్థ దగ్గర 12 శాతం వడ్డీకి తెస్తే పదేళ్ళపాటు నెలకు దాదాపు 57 వేల రూపాయలు కట్టాలి. చదువు ముగించి శ్రీకాకుళంలో ప్రజారోగ్య ఉద్యోగంలో చేరితే వచ్చే జీతం మొత్తం ఆ వాయిదాకే సరిపోకపోవచ్చు. అంటే ఆమె అప్పు చేసి కూడా లండన్ వెళ్ళగలదు. కాని వెళ్ళాక వెనక్కి రావడం ఆమె వల్ల కాదు. చదువు తరువాత బ్రిటన్‌లో పని చేసుకునే వీసా అప్పుడు అవకాశం కాదు, తప్పనిసరి అవుతుంది.

అవసరం గురించిన ఈ లెక్కే తిరిగి రావడం గురించిన ప్రశ్నకు సగం జవాబు. ఉపకార వేతనం ఆమెను పంపడానికి మాత్రమే కాక రప్పించడానికీ కావాలని మండలికి అర్థమవుతుంది. మూడు ప్రశ్నలనూ విడివిడిగా సిద్ధం చేసుకున్న అభ్యర్థికి ఈ జవాబు దొరకదు, ఎందుకంటే అది రెండు ప్రశ్నల మధ్య ఉంటుంది. ఆర్థిక స్తోమతను ప్రమాణంగా తీసుకోని చీవ్‌నింగ్, ఫుల్‌బ్రైట్ వంటి పథకాలలోనూ ఈ లెక్క చెల్లుతుంది. అక్కడ దాన్ని అవసరం కింద కాకుండా ప్రణాళిక కింద చెప్పవలసి ఉంటుంది, అంతే తేడా.

ఇక ప్రణాళిక. ఉద్దానంలో మూత్రపిండ పరిశోధనా కేంద్రం నెలకొల్పుతాను అన్న వాక్యం దరఖాస్తులో గంభీరంగా ఉంటుంది. కాని పలాసలో 200 పడకల ఆసుపత్రితో పాటు అలాంటి కేంద్రాన్ని ప్రభుత్వం 2023 డిసెంబరులోనే ప్రారంభించింది. ఇప్పటికే ఉన్నదాన్ని కడతానన్న అభ్యర్థికి తన ఊరే తెలియదనుకుంటారు సభ్యులు. ప్రభుత్వ విధానాన్ని ప్రభావితం చేస్తాను అన్నది ఇంకొక తీరు పొరపాటు. ఇరవైయెనిమిదేళ్ళ పర్యవేక్షకురాలి మాటను ఏ అధికారి, ఏ సమావేశంలో, ఎందుకు వింటాడన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు. ప్రణాళిక నమ్మదగినదా కాదా అని చూడటానికి సభ్యులు వాడే గీటురాయి ఆశయం ఎంత పెద్దదన్నది కాదు. అందులో ఎవరి అనుమతి, ఎవరి డబ్బు, ఎవరి సమయం కావాలో అభ్యర్థికి తెలుసా అన్నదే.

ఆ దృష్టితో ఆమె ప్రణాళిక చిన్నదై ఉండాలి. తిరిగి వచ్చిన మొదటి ఏడాది తాను ఇదివరకు పనిచేసిన రెండు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో, ఇంకా ఆరోగ్యంగా ఉన్న ఇరవై, ముప్పై ఏళ్ళ వయసువారిని ఎంచుకుని, మూడు నెలల ఎడంతో రెండుసార్లు, ఒకే ప్రయోగశాలలో, ఒకే పద్ధతిలో క్రియాటినిన్ కొలిపించి, ఆ తరువాత ఏటా అదే మనుషులను అనుసరించడం. దీనికి జిల్లా వైద్య ఆరోగ్యాధికారి అనుమతి, ఒక వైద్య కళాశాల నైతిక సమీక్షా సంఘం ఆమోదం కావాలి. డబ్బు కోసం భారత వైద్య పరిశోధనా మండలి ఇచ్చే గ్రాంటుకు ఆమె ఒంటరిగా దరఖాస్తు చేయడం కష్టం గనుక, కళాశాలలోని అధ్యాపకులెవరైనా ప్రధాన పరిశోధకులుగా ఉండాలి. మనుషులను ఇంటింటా గుర్తించేది ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు; వారితో ఆమెకు నాలుగేళ్ళ పరిచయం ఉంది. ఈ చివరి మాట చిన్నదిగా కనిపిస్తుంది గాని, పట్టా ఉన్నవారెవరూ లండన్ నుంచి తెచ్చుకోలేని ఆస్తి అదే.

దీని తరువాత వచ్చే అసలు పరీక్ష, గ్రాంటు రాకపోతే ఏమిటన్నది. ఎలాగైనా సాధిస్తాను అన్నవారిని సభ్యులు నమ్మరు. మొదటి దారి మూసుకుపోతే జిల్లా సర్వేలలోనే ఉద్యోగిగా చేరి, రెండోసారి రక్తపరీక్ష చేసే పద్ధతిని ఆ సర్వేలోకి తెచ్చే ప్రయత్నం చేస్తాననో, విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ పాత దత్తాంశాన్ని సవరించి విశ్లేషిస్తాననో చెప్పేవారికి తమ రంగంలో తలుపులు ఎన్ని ఉన్నాయో తెలుసునని అర్థం. పీహెచ్‌డీకి అక్కడే ఉండిపోతారా అన్న ప్రశ్నకూ అబద్ధం చెప్పనక్కరలేదు. షరతు ప్రకారం ముందు రెండేళ్ళు ఇక్కడ ఉండి, ఆ కాలంలో సేకరించిన దత్తాంశంతోనే పైచదువుకు వెళ్ళాలనుకుంటున్నానని చెప్పడం, ఎన్నడూ వెళ్ళనని ఒట్టేయడం కంటే నమ్మకంగా ఉంటుంది.

జవాబు చాలలేదని గదిలో ఉండగానే తెలుసుకునే వీలుంది. ఒకే ప్రశ్న మాటలు మార్చుకుని రెండోసారి వస్తే, మొదటి జవాబులో సభ్యులు పట్టుకోగల వివరమేదీ లేదని అర్థం. అప్పుడు అదే జవాబును మరింత ఉద్వేగంతో చెప్పడం మామూలుగా జరిగే తప్పు. ఒక పేరో, ఒక అంకెయో, ఒక తేదీయో జోడిస్తే సరిపోయేది. అలాగే వ్యాసంలో రాసినదాన్నే వల్లెవేస్తే సభ్యులు మధ్యలో ఆపి దారి మళ్ళిస్తారు, వారి ముందు ఆ కాగితం ఉంది గనుక.

ఈ పద్ధతికి ఉన్న పరిమితులను కూడా సమీక్షలో చెప్పుకోవాలి. నమ్మదగిన ప్రణాళిక అన్న కొలమానం, తిరిగి చేరడానికి కుర్చీ సిద్ధంగా ఉన్నవారికి అనుకూలం. వేతనంతో కూడిన సెలవు మీద వెళ్ళే ప్రభుత్వోద్యోగికి, కుటుంబానికి సొంత స్వచ్ఛంద సంస్థ ఉన్నవారికి, పేరున్న ఆచార్యుని శిష్యులకు తమ భవిష్యత్తు గురించి వివరంగా చెప్పడం తేలిక. ఒప్పంద ఉద్యోగం ఏ మార్చిలో ముగుస్తుందో తెలియని క్షేత్ర కార్యకర్తకు కాదు. ఇంగ్లీషులో జరిగే అరగంట సంభాషణలో తడుముకోవడం, ప్రణాళికలోని సందిగ్ధంగా కనిపించే ప్రమాదమూ ఉంది. ఇందుకు విరుగుడుగా పై ఉదాహరణలోని అభ్యర్థిని తాను చేసిన పని నుంచే మాట్లాడటం మేలు, ఎందుకంటే ఎన్ని ఇళ్ళు తిరిగిందో, ఎన్ని నమూనాలు ఎండకు పాడయ్యాయో చెప్పేటప్పుడు భాష అడ్డురాదు. కాని ఇది అభ్యర్థి వైపు నుంచి చేసుకునే సర్దుబాటే. మండలి వైపు నుంచి జరగవలసింది కుర్చీ లేనివారి ప్రణాళికను కుర్చీ ఉన్నవారి ప్రణాళికతో ఒకే తక్కెడలో వేయకపోవడం.

మరో పరిమితి కాలానికి సంబంధించినది. రెండేళ్ళ షరతు మనిషి దేశంలో ఉన్నాడా లేడా అన్నదే చూస్తుంది. ఉద్దానం వెళ్తానన్నవారు ఆ రెండేళ్ళూ గురుగ్రామ్‌లోని సలహా సంస్థలో గడిపినా షరతు తీరినట్టే. మౌఖిక పరీక్షలో అంత నిశితంగా తూచిన ప్రణాళికను ఆ తరువాత ఎవరూ తిరిగి తెరిచి చూడకపోవచ్చు. కామన్వెల్త్ కమిషన్ తన పూర్వ విద్యార్థులను ఏళ్ళ తరబడి సర్వేలతో అనుసరిస్తుంది. అయినా వాటికి జవాబివ్వడం వారి ఇష్టం, అందులో ఉండేది వారు తమ గురించి చెప్పుకున్న మాటే. ప్రణాళికను అమలు చేయనివారిని శిక్షించాలన్న వాదన దీనికి జవాబు కాదు, బరోడా అనుభవం చూశాక అది మరీ పేలవంగా కనిపిస్తుంది. ఎంపికైనవారు తిరిగి వచ్చిన మొదటి ఏడాదికి చిన్న మొత్తమైనా గ్రాంటుగా విడిగా ఉంచి, అభ్యర్థి మౌఖిక పరీక్షలో చెప్పిన పనికే అది చెల్లేలా చేస్తే, పై ఉదాహరణలోని రెండుసార్ల రక్తపరీక్షకు ప్రయోగశాల ఖర్చు అందులోనే దొరుకుతుంది.